కుక్కకాటు వార్తలో మూడో మనిషి

ఆ కుక్కను కొట్టి చంపడం నేను చూడలేదు. చచ్చి పడున్నాక చూశాను. శంషాబాద్ బస్టాండు దగ్గర, బెంగుళూరు రోడ్డు పక్కన, పంక్చర్ల దుకాణం ముందు పడి ఉంది. ఎవరో దాని మీద గోనెసంచి కప్పారు గాని మూతి బయటికే ఉంది. పళ్ళు కనిపిస్తున్నాయి. నోటి చుట్టూ నురగ ఎండి తెల్లగా అంటుకుపోయింది. బడికి పోయే పిల్లలందరం దూరంగా గుంపుగా నిలబడి, ఒకరి వెనక ఒకరు దాక్కుంటూ చూశాం. "దాని నురగ తగిలినా సరే, మనుషులు గూడ కుక్కలెక్క మొరుగుతరు" అని ఒక పిల్ల అంది. నేను నా చెప్పుల కేసి చూసుకున్నాను, ఏమైనా అంటిందేమోనని.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. తొంభైల మధ్యకాలం. ఇప్పుడు విమానాలు దిగుతున్న వైపంతా అప్పట్లో గుట్టలు, మేకలు, చెలకలు. రోడ్డు పొడుగునా ద్రాక్షతోటలు ఉండేవి. మా అమ్మ సాతంరాయి వైపున్న ఒక ద్రాక్షతోటలో కూలికి పోయేది. నాయిన కాటేదాన్‌లో బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఇద్దరూ తెల్లవారకముందే ఇల్లు విడిచేవాళ్ళు. నేనూ, నా చెల్లెలూ చర్చి పక్కనున్న మిషన్ బడిలో చదివేవాళ్ళం.

ఆ రోజు నుంచి ఊరు ఊరంతా మారిపోయింది. చీకటి పడక ముందే తలుపులు వేసేవాళ్ళు. ఏ కుక్క కనిపించినా రాయి పడేది. మా వాడలో పెంపుడు కుక్కను కూడా కట్టేసి దాని ముందు నీళ్ళు పెట్టి, తాగుతుందా లేదా అని చూశారు. పిచ్చికుక్క పది మందిని కరిచిందని ఒకరు, ఇరవై మందిని కరిచిందని ఒకరు చెప్పేవాళ్ళు. చెల్లెలు బయటికి పోవాలన్నా ఏడ్చేది. నేను పెద్దదాన్ని కాబట్టి ఏడవలేదు గాని, బడికి పోయేటప్పుడు గోడ వెంబడే నడిచేదాన్ని.

మా ఇంగ్లిష్ టీచర్ గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి. బడికి దగ్గరలో ఒక గది కిరాయికి తీసుకుని ఒంటరిగా ఉండేది. అందరితో మెత్తగా మాట్లాడేది గాని, రాతలో తప్పు మాత్రం సహించేది కాదు. కుక్క చచ్చిన మర్నాడు ఆమె రైటింగ్ పీరియడ్‌కు ఒక ఇంగ్లిష్ పేపరు పట్టుకొచ్చింది. అందులో ఒక చిన్న వార్త చుట్టూ గీత గీసి మాకు చూపించింది.

"వార్తంటే కథ కాదు, వ్యాసమూ కాదు. మొదటి వాక్యంలోనే నాలుగు ప్రశ్నలకు జవాబు ఉండాలి. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ. చదివేవాడికి మొదటి వాక్యం దగ్గరే పని పడి లేచి వెళ్ళిపోయినా, అసలు సంగతి తెలిసిపోవాలి" అంది.

బోర్డు మీద పైన హెడ్‌లైన్‌కు ఒక గీత, దాని కింద ఊరి పేరు, దాని కింద వార్త గీసి చూపించింది. హెడ్‌లైన్ చిన్నగా ఉండాలంది. జరిగిపోయిన సంగతే అయినా హెడ్‌లైన్‌లో క్రియను వర్తమానంలో రాస్తారంది. చివర చుక్క పెట్టకూడదంది. కింద వార్తలోకి వచ్చేసరికి మాత్రం భూతకాలం. "నేను" అనే మాట ఎక్కడా రాకూడదు. "పాపం", "అయ్యో" అసలు రాకూడదు. మీరు కళ్ళతో చూడనిది రాస్తే, ఎవరు చెప్పారో కూడా రాయాలి.

"ఈ వారం మన ఊళ్ళో నిజంగా జరిగిన ఏదైనా ఒక సంగతి రాసుకురండి. బాగున్నది అసెంబ్లీలో చదివిస్తాను" అంది.

క్లాసులో సగం మంది కుక్క గురించే రాస్తారని నాకు తెలుసు. నేను కూడా అదే రాశాను. నా హెడ్‌లైన్ "మ్యాడ్ డాగ్ బైట్స్ మెనీ పీపుల్". పిచ్చికుక్క చాలామందిని కరిచింది. లోపల ఆ కుక్క ఎర్రని కళ్ళతో వచ్చిందని, అందరూ ఏడ్చారని, ఊరంతా భయంతో ఉందని రాశాను. చదువుకుంటే నాకే వెన్ను జలదరించింది. చాలా బాగా వచ్చిందనుకున్నాను.

మర్నాడు టీచర్ నా కాగితం వెనక్కి ఇచ్చింది. "మ్యాడ్" చుట్టూ ఎర్రసిరా సున్నా. "మెనీ" చుట్టూ ఇంకో సున్నా. ఆఖరి రెండు వాక్యాల మీద అడ్డగీత.

"పిచ్చికుక్క అని ఎవరు చెప్పారు? డాక్టరు చూశాడా?" అని అడిగింది.

"అందరు అంటున్నరు టీచర్."

"అందరూ అంటే ఎవరు? చాలామందిని కరిచిందని రాశావు. చాలామంది అంటే ఎవరమ్మా? అందులో ఒక్కరితోనైనా మాట్లాడావా?"

ఆమె గొంతు తగ్గించింది.

"తిట్టడం లేదమ్మా. నీకు భయం వేసింది, ఆ భయం రాశావు. కానీ ఊళ్ళో అందరికీ అది ఉంది. వాళ్ళకు కావాల్సింది ఎవరిని కరిచింది, ఎక్కడ కరిచింది అని. వెళ్ళి అడుగు. ఎంతమంది దొరికితే అంతమందే రాయి."

నా బెంచీలో నా పక్కన కూర్చునే పిల్ల వాళ్ళ నాన్నదే ఆ పంక్చర్ల దుకాణం. కుక్క చచ్చింది వాళ్ళ గడప ముందరే. ఆ సాయంత్రం బడి విడిచాక ఇద్దరం వాళ్ళ దుకాణానికి పోయాం. వాళ్ళ నాన్న నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నాడు. మేము వార్త రాయాలంటే నవ్వాడు గాని, అడిగిందానికల్లా సరిగా జవాబు చెప్పాడు.

"సోమారం పొద్దుగాల, నేను గప్పుడే దుకాణం తెర్సిన, అంతే. మీ స్కూల్ బెల్లు ఇంక కాలే. సాతంరాయి దిక్కెల్లి రోడ్డు అంచుకే వచ్చింది. ఉరుకుతలే, వంకర వంకర నడుస్తున్నది. పండ్ల అవ్వను పట్టింది. ఆమెను ఇడిపియ్యవోయిన లారీ డ్రైవర్‌ను చెయ్యి మీద పట్టింది. ఇగ మేమంత కట్టెలు తీసుకున్నం."

"గంతేనా అబ్బా? ఇద్దరేనా?" అని నా స్నేహితురాలు వాళ్ళ నాన్నను అడిగింది.

"నా కండ్ల ముంగట ఇద్దరే బేటా. ఆ డ్రైవర్ చేతికి గుడ్డ చుట్టుకుని బండెక్కి కొత్తూరు దిక్కు పోయిండు. ఎవరో, ఏ ఊరో తెల్వదు."

పండ్ల అవ్వ అంటే బస్టాండులో గంపలో జాంపండ్లు పెట్టి అమ్మే ముసలామె. ఆమె ఇల్లు వెతుక్కుంటూ పోయాం. మంచం మీద కూర్చుని ఉంది. పిక్కకు దవాఖాన కట్టు. నగరంలో కుక్కకాటు సూదులు వేసే సర్కారు దవాఖానకు రోజూ బస్సులో కొడుకు తీసుకుపోతున్నాడు. సూది బొడ్డు పక్కన వేస్తారట. ఆమె చీర కొంచెం జరిపి చూపించబోతే నేను కళ్ళు మూసుకున్నాను.

"ఆడ డాక్టరు నన్ను మస్తు కోప్పడ్డడు బిడ్డా. కరిసిన్నాడే సబ్బు నీళ్ళతోని ఎందుకు కడగలే అన్నడు. సున్నం, కారం పెట్టొద్దన్నడు. ఇంక ఎవరినన్న కరిస్తే ఎంటనే పంపుండ్రి, నీళ్ళు జూస్తె జడుసుకునే రోగం ఒక్కసారి మొదలైందంటె ఇగ ఏ మందు పని చెయ్యదు అన్నడు."

నేను రాసుకుంటున్నాను.

"ఇంక ఎవరినన్న కరిచిందా అవ్వా?" అని అడిగాను.

"నన్ను పట్టకముందే ద్రాక్షతోటకాడ ఒక ఆమెను పట్టిందట. తోటోళ్ళ బర్రెను గూడ కరిసిందట. కూలోళ్ళు బస్టాండుల అనుకోంగ విన్న. ఆమె ఎవరో నాకెర్క లేదు. దవాఖానలైతే కనపడలే."

బయటికి వచ్చాక నా స్నేహితురాలు సంబరపడింది. ముగ్గురు దొరికారు, మూడో ఆమె పేరు ఒక్కటే కావాలి అంది. "మీ అమ్మ గూడ తోటలనే కద. అడుగు, ఆమెకెర్క ఉంటది" అంది.

నేను గబగబా నడిచాను. వాడలోకి మలుపు తిరిగేదాకా ఎందుకు అట్లా నడుస్తున్నానో నాకు అర్థం కాలేదు. ఆ తర్వాత ఒక్కొక్కటే గుర్తుకు వచ్చింది. సోమవారం అమ్మ పని నుంచి కుంటుకుంటూ వచ్చింది. ముళ్ళకంప గీసుకుపోయిందంది. పాత చీరపేలిక చుట్టుకుంది. ఆ రోజు నుంచి ఉప్పూ కారం లేని జొన్న గట్క తింటోంది. చెల్లెలు అడిగితే కడుపులో బాగుండలేదంది. అమ్మ పనిచేసే తోట సాతంరాయి వైపే. కుక్క వచ్చింది సాతంరాయి వైపు నుంచే.

ఇంటికి పోయేసరికి అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. కట్టు కట్టిన కాలు చాపుకుని ఉంది. చెల్లెలు పక్కింట్లో ఆడుకుంటోంది. నేను పుస్తకాలు కింద పెట్టకుండానే అడిగాను.

"అమ్మా, తోటకాడ కుక్క ఎవరిని కరిచింది?"

అమ్మ పొయ్యిలో కట్టె జరిపింది. "ఏమో. నాకెర్కలే."

"పండ్ల అవ్వ చెప్పింది, మీ తోటల ఒకామెను పట్టిందని."

"పండ్లమ్ముకునే దానికి తోటల సంగతి ఎట్ల ఎర్క? పో, చెల్లెను పిల్చుకరా."

"నీ కాలుకు ఏమైంది?"

"చెప్తిని గద. కంప గీసింది."

"కట్టు ఇప్పు. చూస్త."

అమ్మ నా కేసి చూసింది. నేను ఎప్పుడూ ఆమెతో అట్లా మాట్లాడలేదు. ఆమె కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. పేలిక ముడి విప్పింది. మడమకు పైన రెండు పక్కలా నల్లగా గుంటలు పడి ఉన్నాయి. చుట్టూ పసుపు, సున్నం ఎండి పెచ్చులు కట్టాయి. పళ్ళు దిగిన చోట వాచి ఉంది.

నాకు ఆ గోనెసంచి కింది మూతి కనిపించింది. నోరు తెరిచాను.

"అరవకు" అంది అమ్మ మెల్లగా. "పసరు పోయించుకున్న. తోటకాడ మేస్త్రికి తెల్సినాయన పోసిండు. పథ్యముంటే ఏం గాదన్నడు. నాకేమైతది బిడ్డా. ఇంత పని జేసే మనిషికి ఏమైతది."

"దవాఖానకు ఎందుకు పోలే?"

"రోజూ పట్నం పోవాలె. రోజూ పని పోతది. అక్కడ బొడ్డు చుట్టు పద్నాలుగు సూదులు ఇస్తరు. గవి ఏసుకుంటే కాళ్ళు పడిపోయినోళ్ళు ఉన్నరట. కాళ్ళు పడిపోతే మిమ్ముల ఎవరు జూస్తరు?"

ఆ మాట విన్నాక నాకు అర్థమైంది. నాకంటే ఆమెకే ఎక్కువ భయంగా ఉంది. సోమవారం నుంచి ఆ భయాన్ని ఒక్కతే మోస్తోంది. నేనేమో ఎర్రకళ్ళ కుక్క గురించి రాసుకుంటూ అదే గదిలో కూర్చున్నాను.

అవ్వ చెప్పిందంతా చెప్పాను. సబ్బు నీళ్ళతో కడగాలట అన్నాను, సున్నం పెట్టొద్దట అన్నాను, ఆ రోగం మొదలైతే మందు లేదట అన్నాను. అమ్మ వింటూనే తల అడ్డంగా ఊపింది. అవ్వ మాట ఆమెకు అవ్వ మాటే. పసరు పోసినాయన కూడా అంతే ధీమాగా చెప్పాడు కదా.

అప్పుడు ఏం చేయాలో తోచక కాగితం తీశాను. టీచర్ చెప్పినట్టు ఇంగ్లిష్‌లో మొదటి వాక్యం అప్పటికే మనసులో పెట్టుకున్నాను. దాన్నీ, దాని తర్వాత రావాల్సిన వాక్యాలనూ తెలుగులో అమ్మకు చదివినట్టు చెప్పాను.

"సోమవారం ఉదయం శంషాబాద్‌లో ఒక వీధికుక్క ముగ్గురిని కరిచింది. పండ్లు అమ్మే మహిళ సూదులు తీసుకుంటోంది. లారీ డ్రైవర్ ఎక్కడున్నాడో తెలియదు. మూడో మనిషి ద్రాక్షతోటలో పనిచేసే మహిళ. ఆమె వైద్యం చేయించుకోలేదు."

అమ్మ పొయ్యి కేసి చూస్తూనే ఉంది.

"గిది బడిలో చదువుతరా?"

"బాగుంటే అందరి ముంగట చదువుతరు."

"నా పేరు రాస్తవా?"

"రాయ. కాని చేయించుకోలేదని రాయాలె. నిజమే రాయాలని టీచర్ చెప్పింది."

"చేయించుకుంటున్నదని రాయి. ఎవరికి తెలుస్తది?"

"చేయించుకోకుండ గట్ల ఎట్ల రాస్త అమ్మా?"

పొయ్యి మీద అన్నం ఉడికి మూత ఎగిరిపడుతోంది. మేమిద్దరం దించలేదు. "వైద్యం చేయించుకోలేదు" అన్న మాటను ఆమె పెదవులతో శబ్దం లేకుండా ఒకసారి అన్నది. చచ్చిపోయిన మనుషుల గురించి అట్లాగే చెప్పుకుంటారు కదా, వైద్యం చేయించుకోలేదు, అందుకే పోయింది అని. ఆమెకూ అదే వినిపించి ఉంటుంది.

"సబ్బు తే" అంది.

పెరట్లో కూర్చోబెట్టి కడిగాను. సబ్బు రాసి, చెంబులతో నీళ్ళు పోసి, మళ్ళీ రాసి, మళ్ళీ పోశాను. ఆమె పళ్ళు బిగబట్టుకుంది. ఇన్నాళ్ళ తర్వాత కడిగితే ఏం లాభమో నాకు తెలియదు. నీళ్ళు పోస్తున్నప్పుడు ఆమె ముఖం మాత్రమే చూశాను, నీళ్ళకు జడుసుకుంటుందేమోనని. జడుసుకోలేదు.

నాయిన వచ్చాక చెప్పాం. ఆయన ముందు అరిచాడు. "ఏందే గిది? ఇన్ని దినాలు నాకు చెప్పకపోతివి!" తర్వాత మంచం మీద కూలబడ్డాడు. ఆయన చొక్కాకి ఇంకా ఫ్యాక్టరీ పిండి అంటుకునే ఉంది. మా చర్చి పాస్టరయ్యను పిలిచి ప్రార్థన చేయిద్దామన్నాడు. "ప్రార్థన చేయిద్దాం. దవాఖానకు గూడ పోదాం" అంది అమ్మ. ఆ మాట ఆమే అనడంతో ఆయన సరేనన్నాడు.

పొద్దున నేను టీచర్ గదికి పరిగెత్తాను. బడి మానేస్తున్నానని చెప్పడానికి పోయాను గాని, సంగతి విని ఆమె చెప్పులేసుకుని నాతో బయల్దేరింది. "ఆ ఆసుపత్రి నాకు తెలుసు. ఏ గది దగ్గర నిలబడాలో తెలియక మీరు సగం రోజు పోగొట్టుకుంటారు" అంది. హెడ్‌మాస్టరుకు చీటీ పంపించింది. నాయిన ఫ్యాక్టరీకి పోక తప్పలేదు. అమ్మ, టీచర్, నేను బస్సెక్కాం. దారిపొడుగునా అమ్మ కిటికీ ఊచ పట్టుకునే ఉంది. కాటేదాన్ ఫ్యాక్టరీల పొగ గొట్టాలు దాటేటప్పుడు పెదవులు కదిలాయి. ప్రార్థన చేసుకుంటోందని నాకు తెలుసు.

దవాఖానలో వరండా నిండా జనం. చిన్నపిల్లలు, ముసలివాళ్ళు. లోపల నుంచి ఒక పిల్లవాడి కేక వినిపించినప్పుడల్లా అమ్మ లేచి నిలబడేది. పారిపోతుందేమోనని ఆమె కొంగు చివర నా పిడికిట్లో పట్టుకున్నాను. డాక్టరు గాయం చూసి, ఎప్పుడు కరిచింది, ఎక్కడ కరిచింది, కుక్క బతికుందా అని అడిగాడు. టీచర్ నా కేసి చూసింది. నేను చెప్పాను. సోమవారం పొద్దున, సాతంరాయి దగ్గర తోటలో, కుక్కను అదే రోజు చంపేశారు.

"పరీక్షకు పంపారా?"

"లేదు సార్. పాతిపెట్టారు."

"అయితే దానికి పిచ్చి ఉందనే అనుకుని మొత్తం కోర్సు వేస్తాం. ఒక్కరోజు కూడా తప్పకూడదు" అన్నాడు.

కాళ్ళు పడిపోతాయా అని అమ్మ అడిగింది. అట్లాంటిది చాలా అరుదుగా జరుగుతుందని, కాళ్ళు తిమ్మిరెక్కినా, తలనొప్పి వచ్చినా వెంటనే చెప్పమని అన్నాడు. రాదని మాత్రం అనలేదు. ఆ మాటకు అమ్మ ఇంకా భయపడింది గాని లోపలికి నడిచింది. తలుపు మూసుకుంది. కేక వినిపించలేదు. బయటికి వచ్చినప్పుడు పైపెదవి మీద చెమట ఉంది. "అయింది" అంది, అంతే.

ఆ ఆదివారం వార్త మళ్ళీ మొదటి నుంచి రాశాను. హెడ్‌లైన్ "స్ట్రే డాగ్ బైట్స్ త్రీ ఇన్ శంషాబాద్". శంషాబాద్‌లో ముగ్గురిని కరిచిన వీధికుక్క. కింద మొదటి వాక్యంలో సోమవారం ఉదయం, బస్టాండు, ద్రాక్షతోట, ముగ్గురు మనుషులు. కుక్కను స్థానికులు చంపారని, దానికి పిచ్చి ఉందో లేదో పరీక్ష జరగలేదని. ఇద్దరు మహిళలు ప్రభుత్వ ఆసుపత్రిలో సూదులు తీసుకుంటున్నారని. చేతి మీద కాటు పడిన లారీ డ్రైవర్ కొత్తూరు వైపు వెళ్ళాడని చూసినవారు చెప్పారని, అతని వివరాలు తెలియలేదని. గాయాన్ని వెంటనే సబ్బుతో బాగా కడిగి ఆసుపత్రికి రావాలని డాక్టరు చెప్పారని. ఎక్కడా "నేను" లేదు. "అమ్మ" కూడా లేదు. ద్రాక్షతోట కూలి మహిళ అని రాస్తుంటే ఎవరో తెలియని మనిషి గురించి రాస్తున్నట్టు అనిపించి చేయి ఆగిపోయింది. కాసేపు ఆగి మళ్ళీ రాశాను.

టీచర్ ఒక్క సున్నా కూడా చుట్టలేదు. అసెంబ్లీలో నన్నే చదవమంది. చదివాను. తర్వాత ఆమె దాన్ని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి, నా స్నేహితురాలి ద్వారా పంక్చర్ల దుకాణం గోడకు అంటింపజేసింది. అక్కడ ఆగే లారీలవాళ్ళకల్లా వాళ్ళ నాన్న ఆ కాగితం చూపించి అడిగేవాడు, చేతి మీద కుక్క కరిచిన డ్రైవర్ ఎవరన్నా తెలుసా అని. ఎవరికీ తెలియదు. ఆ మనిషి ఏమయ్యాడో మాకు ఎప్పటికీ తెలియలేదు.

అమ్మ సూదులన్నీ వేయించుకుంది. ఒక్కరోజు తప్పలేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయా అని రోజూ పొద్దున నేను అడిగేదాన్ని. బొడ్డు చుట్టూ గడ్డలు కట్టి, నిటారుగా నిలబడలేక వంగి నడిచేది. అయినా సూదుల రోజులు ఒక విధంగా నయం. రోజూ చేయాల్సిన పని ఒకటి ఉండేది. అవి అయిపోయాకే అసలు భయం మొదలైంది. ఇంక చేయడానికి ఏమీ లేదు, ఎదురుచూడటం తప్ప.

ఆ రోజుల్లోనే తోటలోని బర్రెకు రోగం వచ్చింది. కుక్క కరిచిన బర్రె అదే. చొంగ కార్చుకుంటూ, గొంతు పోయినట్టు ఒకటే అరుపు అరిచేది. మేత ముట్టలేదు. పశువుల డాక్టరు వచ్చి దూరం నుంచే చూసి పిచ్చే అని తేల్చాడు. అది చచ్చిపోయిన రోజు అమ్మ పని నుంచి వచ్చి, కొంగు నెత్తి మీద కప్పుకుని మూలకు కూర్చుంది.

"అదే కుక్క" అంది. "దాన్నీ నన్నూ ఒక్కటే కుక్క కరిచింది."

"నువ్వు సూదులేసుకున్నవు. బర్రెకు ఎవరేసిన్రు?" అన్నాడు నాయిన. ధైర్యం చెప్పబోయాడు.

మర్నాడు టీచర్‌కు బర్రె సంగతి చెప్పాను. పశువుల డాక్టరు చెప్పాడు కాబట్టి ఇప్పుడు "మ్యాడ్" అని రాయవచ్చా అని అడిగాను. రాయవచ్చు అంది. చెప్పింది ఆయనేనని కూడా రాయమంది. నేను రాయలేదు. రాయాలని కూర్చున్నాను గాని ఆ మాట కాగితం మీద పెట్టలేకపోయాను. టీచర్ కూడా మళ్ళీ అడగలేదు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం అమ్మకు జ్వరం వచ్చింది. తోట నుంచి సగం పనిలో ఇంటికి వచ్చి పడుకుంది. ఒళ్ళు కాలిపోతోంది. తలనొప్పి అంది. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. జ్వరంతోనే మొదలవుతుందని దవాఖాన వరండాలో ఎవరో అనగా విన్న మాట చెవుల్లో మోగింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. దగ్గరికి పోవాలని ఉంది, పోవడానికి భయంగా ఉంది. సొంత తల్లి దగ్గరికి పోవడానికి అట్లా భయపడటం నాకు ఇప్పటికీ మరుపు రాదు.

"గట్ల నిలబడ్డవేంది? నీళ్ళియ్యి, గొంతు ఎండుతున్నది" అంది అమ్మ.

కుండలో నీళ్ళు ముంచాను. దూరం నుంచే చెంబు చాచి పట్టుకున్నాను. ఆమె మోచేతి మీద లేచి చెంబు అందుకుంది. నేను ఆమె గొంతు కేసే చూశాను. ఆమె చెంబు పైకెత్తి, గొంతులో పోసుకుని, గటగట తాగింది. నీళ్ళు గడ్డం మీద నుంచి మెడకు జారాయి. అంతా తాగి చెంబు నా చేతికిచ్చింది.

"ఇంకిన్ని తే" అంది.

ఇంకో చెంబు తెచ్చాను. అదీ తాగింది. అప్పుడు ఆమె మంచం పక్కన కింద కూర్చుని ఏడ్చాను. ఆమెకు ఎందుకో అర్థమైంది. జ్వరంతో కాలుతున్న చేతిని నా నెత్తి మీద పెట్టింది. అది వడదెబ్బ జ్వరమే. రెండు రోజుల్లో తగ్గింది. మూడో రోజు తోటకు పోయింది.